వీసం కూడా వదలని లెక్క: పొదిగే పెట్టె కంట్రోలర్‌కి ఫ్లోటా, ఫిక్స్‌డ్ పాయింటా?

గుణుపురంలో మా బావ నాటుకోడి పిల్లల్ని పొదిగించి, కొండ మీది సవర పల్లెల నుంచి సంతకి దిగేవాళ్ళకి అమ్ముతాడు. ప్లైవుడ్ పెట్టె, లోపల చిన్న ఫ్యాను, వంద వాట్ల హీటరు. పెట్టెలో 37.5 డిగ్రీలు నిలబెట్టే కంట్రోలర్ రాసిచ్చింది నేనే. వానాకాలమంతా గుడ్లు 21వ రోజుకి పగిలాయి. పుష్యం చలి మొదలయ్యాక 22వ రోజు దాటినా కొన్ని పగల్లేదు. "ఏట్రా, నీ పెట్టెకి చలేస్తన్నట్టుంది" అన్నాడు బావ ఫోన్లో. తెల్లవారుజామున మూడింటికి లేచి చూస్తే తెర మీద 37.06 ఉందట. మర్నాడు రాత్రీ అంతే. పగలు మాత్రం 37.4 దాకా వస్తోంది. హీటరు బాగానే ఉంది, తలుపు సందులూ లేవు.

ఒక డిగ్రీలో సగం కూడా లేదు కదా అనుకోవచ్చు. పిండం పెరిగే వేగం వేడిని బట్టే ఉంటుంది కాబట్టి రాత్రంతా అరడిగ్రీ తగ్గితే, అలా మూడు వారాలు గడిస్తే, పొదుగు ఆలస్యమవుతుంది. ఆలస్యానికి తేమ, పాత గుడ్లు లాంటి కారణాలూ ఉంటాయి. కానీ రోజూ అదే 37.06 దగ్గర ఆగడం వాతావరణం చేసే పని కాదు. అలా ఒకే చోట ఆగేది అంకెల తప్పే. దాన్ని వెతుకుతూ ఒకే కంట్రోలర్‌ని నాలుగు రకాలుగా రాసి చూశాను. చిన్న మైక్రోకంట్రోలర్ మీద ఇలాంటి నిదానపు వేడి పని చేయబోయేవాళ్ళకి ఏది ఎంచుకోవాలో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ముందు సెన్సర్ ఏ భాషలో చెబుతోందో చూడండి

పెట్టెలో ఉన్నది డీఎస్18బీ20. ఈ సెన్సర్ మనకి డిగ్రీలు ఇవ్వదు, 12 బిట్ల అమరికలో డిగ్రీలో పదహారో వంతుల లెక్క ఇస్తుంది. మన పాత కొలతల్లో పదహారో వంతుకి పేరుంది, వీసం. (పాస్‌పోర్టు మీద వేసే వీసా కాదు.) ఇకపై అదే మాట వాడతాను, సుఖంగా ఉంటుంది. 37.5 డిగ్రీలంటే సరిగ్గా 600 వీసాలు. బావ చూసిన 37.06 అంటే 593 వీసాలు. అంటే పెట్టె రోజూ ఏడు వీసాలు తక్కువలో ఆగిపోతోంది. ఆ ఏడు అన్న అంకెను గుర్తుపెట్టుకోండి, దొంగ అక్కడే దొరికాడు.

ఫిక్స్‌డ్ పాయింట్ అంటే ఇంతకుమించి ఏమీ కాదు. రూపాయల్లో దశాంశాలు రాసే బదులు పైసల్లో పూర్ణాంకాలు రాసుకోవడం లాంటిది. ఎన్ని పైసలు ఒక రూపాయో ప్రోగ్రాము రాసేవాడి మనసులో ఉంటుంది, చిప్‌కి తెలియదు. ఫ్లోట్‌లో అయితే బిందువు ఎక్కడుందో ప్రతి సంఖ్యా తనతోనే మోసుకెళ్తుంది. క్వాంటైజేషన్ అంటే ఆ పైసకన్నా చిన్నదేదీ ఖాతాలో పట్టకపోవడం. పట్టని చిల్లరని ఏం చేస్తున్నామన్న దాన్ని బట్టే మంచి కంట్రోలర్, చెడ్డ కంట్రోలర్ తేలతాయి.

మన కంట్రోలర్ సెకనుకి ఒకసారి నడుస్తుంది. సెన్సర్‌కి 12 బిట్ల కొలతకి 750 మిల్లీసెకన్ల దాకా పడుతుంది కాబట్టి అంతకన్నా తొందర పెట్టి లాభం లేదు. కావలసిన వేడికీ ఉన్న వేడికీ తేడా, కోడ్‌లో `e`, ఒక డిగ్రీ ఉంటే హీటర్‌కి వెంటనే 8 శాతం కలుపుతుంది, ఇది ప్రపోర్షనల్ భాగం. దాంతోపాటు తేడా ఒక డిగ్రీ ఉన్నంతసేపు సెకనుకి 0.01 శాతం చొప్పున పోగు చేస్తూ పోతుంది, ఇది ఇంటిగ్రల్ భాగం. రాత్రి గది 16 డిగ్రీలుంటే మా పెట్టెకి దాదాపు 54 శాతం హీటరు కావాలి, పగలు 29 ఉన్నప్పుడు 21 శాతం చాలు. ఈ రెంటి మధ్య రోజూ ఎక్కి దిగవలసింది ఇంటిగ్రల్ ఖాతాయే. అది మొరాయిస్తే మిగతాదంతా ఎంత బాగున్నా వృథా.

16 బిట్ల దారి: నేను చేసిన తప్పు

మొదట రాసింది క్యూ 8.8 పద్ధతి. 16 బిట్ల సంఖ్యలో ఎనిమిది బిట్లు పూర్ణ భాగానికి, ఎనిమిది భిన్నానికి. అంటే ఒక్క డిగ్రీ 256, ఒక్క శాతం 256. చిన్న చిప్‌లకి ఇంటర్నెట్‌లో ఇలాంటి ఉదాహరణలు దొరుకుతాయి. ఉష్ణోగ్రతా 127 దాటదు, శాతమూ 100 దాటదు కాబట్టి చక్కగా సరిపోయినట్టే కనిపిస్తుంది.

```c
int16_t ki = (int16_t)(0.01 * 256);
i_term += ((int32_t)ki * e) >> 8;
```

మొదటి వరసలో 2.56 రావాలి, `int16_t` దాన్ని 2 చేసింది. ఇంటిగ్రల్ బలం అక్కడే ఐదో వంతుకి పైగా తగ్గింది. అది పెద్ద నష్టం కాదు, ట్యూనింగ్‌లో కలిసిపోతుంది. అసలు నష్టం రెండో వరసలో ఉంది. తేడా ఒక వీసం అనుకోండి. క్యూ 8.8లో అది 16. రెండుతో హెచ్చిస్తే 32. ఎనిమిది బిట్లు కుడికి జరిపితే సున్నా. రెండు వీసాలకీ సున్నాయే. ఏడు వీసాలకి 2 × 112 = 224, జరిపితే మళ్ళీ సున్నా. ఎనిమిదో వీసం దగ్గర 256 అయి, అప్పుడు గానీ ఖాతాలో ఒకటి పడదు.

అంటే అరడిగ్రీ తక్కువయ్యేదాకా ఇంటిగ్రల్‌కి చలి తెలియదు. రాత్రి గది చల్లబడుతుంటే పెట్టె మెల్లగా దిగుతుంది, ఎనిమిది వీసాలు దిగాక ఖాతా కదులుతుంది, ఏడుకి చేరగానే మళ్ళీ నిద్రపోతుంది. బావ చూసిన 593 అదే.

ఇంకో సంగతి ఉంది, ఇది మరీ మోసం. రుణ సంఖ్యని కుడికి జరిపితే ఏం రావాలో సీ భాష కచ్చితంగా చెప్పదు, కంపైలర్‌కి వదిలేస్తుంది. జీసీసీ చేసేది ఏమిటంటే కిందికి తోస్తుంది. పెట్టె ఒక వీసం ఎక్కువైతే 2 × (−16) = −32. దాన్ని జరిపితే సున్నా రాదు, −1 వస్తుంది. కింద ఉన్నప్పుడు ఏడు వీసాల దాకా పట్టించుకోని ఖాతా, పైన ఒక్క వీసానికే సెకనుకొకటి చొప్పున తగ్గిపోతుంది. న్యాయంగా తగ్గవలసిన దానికన్నా ఆరు రెట్ల వేగంతో. సెన్సర్ రీడింగ్ ఎప్పుడూ ఒక వీసం అటూ ఇటూ ఊగుతూనే ఉంటుంది. ఆ ఊగులాటలో పైకి వెళ్ళిన ప్రతిసారీ ఖాతా తరుగుతుంది, కిందికి వచ్చినప్పుడు పెరగదు. పగలు కూడా 37.5 కాకుండా 37.4 దగ్గరే ఉండడానికి కారణం ఇదే. తూకం వేసేటప్పుడు ఒకవైపే బొటనవేలు ఆనించే కొట్టువాడిలాంటి లెక్క.

దీనికి సగం మందు ఒకటి చెబుతుంటారు: జరిపే ముందు 128 కలిపితే దగ్గరి అంకెకి సర్దుబాటవుతుంది. అవుతుంది. అప్పుడు ఒకవైపు తోసే గుణం చాలావరకు పోతుంది, నిద్రపట్టే మేర కూడా దాదాపు పావు డిగ్రీకి తగ్గుతుంది. కానీ ఆ నిద్ర పూర్తిగా వదలదు. పెట్టె 37.3 దగ్గరా కూర్చోవచ్చు, 37.7 దగ్గరా కూర్చోవచ్చు, ఖాతాకి రెండూ ఒకటే. పాత బోర్డు మార్చే వీల్లేక ఒక్క వరస సర్దాలంటే ఇది చేయండి. కొత్తగా రాసేవాళ్ళు మాత్రం ఇక్కడ ఆగకండి.

32 బిట్ల ఖాతా: నేను ఎంచుకున్నది

సెన్సర్‌కి, గుణకాలకి 16 బిట్లు చాలు. పోగు చేసే ఖాతాకి మాత్రం 32 బిట్లు ఇవ్వండి. హెచ్చించాక జరపకండి. వచ్చిన లబ్ధాన్ని చిల్లరతో సహా ఖాతాలో వేయండి. జరపడం చివర్లో, హీటర్‌కి అంకె ఇచ్చేటప్పుడు ఒక్కసారే.

```c
int16_t e = 600 - raw;
acc += (int32_t)655 * e;
if (acc > 104857600L) acc = 104857600L;
if (acc < 0) acc = 0;
```

655 ఎక్కడిదంటే 0.01ని 65536తో హెచ్చిస్తే 655.36. పోయింది వెయ్యికి ఒకటి కూడా కాదు. తేడా వీసాల్లో ఉంది కాబట్టి ఇంకో 16 రెట్లు కలిసి, ఖాతాలో ఒక శాతం అంటే 1048576 అవుతుంది. వంద శాతం అంటే 104857600, అదే కోడ్‌లో కనిపించే హద్దు. 32 బిట్లలో పట్టే గరిష్ఠ సంఖ్య 214 కోట్ల పైచిలుకు, అంటే ఇరవై రెట్ల చోటు మిగిలే ఉంది. ఒక్క వీసం తేడా ఉన్నా సెకనుకి 655 పడుతుంది. అంతకన్నా చిన్న తేడా సెన్సర్ చెప్పనే చెప్పదు కనుక ఖాతాకి నిద్రపట్టే అవకాశమే లేదు. పైకి ఎంతో, కిందికి అంతే.

ఇందులో ఒక గొయ్యి ఉంది, అందులో నేనూ పడ్డాను. మా పెట్టెలో ఉన్నలాంటి ఏవీఆర్ చిప్‌లకి `int` అంటే 16 బిట్లే. `(int32_t)` అన్న మాట మర్చిపోతే 655 × 50 = 32750 వరకు బాగానే ఉంటుంది. 51 దగ్గర 32767 దాటి అంకె తిరగబడుతుంది. 50 వీసాలంటే మూడు డిగ్రీల చిల్లర. పెట్టె వేడెక్కి ఉన్నంతకాలం తప్పు కనిపించదు. కరెంటు పోయి వచ్చాకో, తలుపు ఎక్కువసేపు తీసినప్పుడో ఖాతా పిచ్చిగా ఎగురుతుంది. మా వైపు కరెంటు సంగతి మీకు చెప్పాలా? అదే కోడ్‌ని కంప్యూటర్ మీద పరీక్షిస్తే ఏ తప్పూ దొరకదు, ఎందుకంటే అక్కడ `int` 32 బిట్లు.

వేగం గురించి దిగులు అక్కర్లేదు. మా పెట్టెలో ఉన్నది ఏటీమెగా328పీ, 16 మెగాహెర్ట్జ్. దాంట్లో హెచ్చవేసే సర్క్యూట్ ఉంది. ఏటీటైనీ85 వాడేవాళ్ళకి అది కూడా లేదు, హెచ్చవేతని కూడికలతో నెట్టుకొస్తుంది. అయినా సెకనుకి నాలుగైదు హెచ్చవేతలు ఏ చిప్‌కీ బరువు కాదు.

తెర మీద చూపించడం కూడా ఈ పద్ధతిలో తేలికే. రీడింగ్‌ని 16తో భాగిస్తే డిగ్రీలు, మిగిలిన వీసాలని 625తో హెచ్చిస్తే నాలుగు దశాంశాలు. 593 వీసాల్లో 37 డిగ్రీలు పోగా ఒక వీసం మిగులుతుంది, 0625, అంటే 37.0625. గరిష్ఠంగా 15 × 625 = 9375, 16 బిట్లలోనే ఇముడుతుంది.

ఫ్లోట్ వాడితే పోదా?

పోతుంది, మా పెట్టె విషయంలో. ఈ మాట చెప్పడానికి ఫిక్స్‌డ్ పాయింట్ అభిమానులు మొహమాటపడతారు గానీ, సెకనుకి ఒకసారి నడిచే వేడి కంట్రోలర్‌కి ఏటీమెగా328పీ మీద ఫ్లోట్ తప్పేమీ కాదు. ఫ్లోట్ లెక్కలన్నీ సాఫ్ట్‌వేరే చేయాలి, ఒక్కో కూడికకో హెచ్చవేతకో వంద నుంచి రెండు వందల క్లాకులు పట్టవచ్చు. మొత్తం కలిపినా సెకనులో వంద మైక్రోసెకన్లు దాటదు. 32 కిలోబైట్ల ఫ్లాష్‌లో ఆ లైబ్రరీ ఎక్కడో మూల పడి ఉంటుంది. ఎనిమిది కిలోబైట్ల టైనీలో అయితే చోటు చూసుకోవాలి. `printf`లో `%f` రాసి, తెర మీద ప్రశ్నార్థకం చూసి తల గోక్కునేవాళ్ళు చాలామంది ఉంటారు. ఏవీఆర్ లైబ్రరీలో అది మామూలుగా ఉండదు, విడిగా లింక్ చేయాలి.

కానీ ఫ్లోట్‌కి చిల్లర సమస్య లేదనుకుంటే పొరపాటు. దానికి 24 బిట్ల కచ్చితత్వమే ఉంది. ఏవీఆర్‌లో `double` అని రాసినా మామూలుగా అదే 32 బిట్ల ఫ్లోట్ వస్తుంది. ఖాతాలో 54 ఉన్నప్పుడు దాని పక్క అంకెకి దూరం సుమారు 0.0000038. మనం ఒక వీసానికి సెకనుకొకసారి కలిపేది 0.000625, దానికన్నా నూట అరవై రెట్లు పెద్దది. హాయిగా పడుతుంది.

ఇప్పుడు ఎవరో మోటారు కోసం రాసిన మిల్లీసెకను లూప్‌ని తెచ్చి పెట్టెకి తగిలించారనుకోండి. ప్రతిసారీ కలపవలసింది వెయ్యో వంతు అవుతుంది. ఒక వీసానికి 0.000000625. ఇది ఆ దూరంలో సగం కూడా కాదు కాబట్టి కూడిక జరిగినా 54 అలాగే 54గా ఉంటుంది. రెండు వీసాలకీ అంతే, మూడు వీసాలకీ అంతే. నాలుగో వీసం దగ్గర గానీ కదలదు. ఎంత తరచుగా కొలిస్తే కంట్రోల్ అంత బాగుంటుందన్నది నిదానపు పనుల్లో తలకిందులవుతుంది. ఎంత తరచుగా కొలిస్తే చిల్లర అంత చిన్నదవుతుంది, అంత సులువుగా పోతుంది.

ఇక్కడ నా 32 బిట్ల ఖాతాని కూడా వెనకేసుకురాను. మిల్లీసెకనుకొకసారి నడిపితే ఆ 655 కాస్తా 0.655 అవుతుంది, పూర్ణాంకంలో రాస్తే సున్నా. అప్పుడు స్కేలు మొత్తం మార్చుకోవాలి. ఫ్లోట్‌లో ఆ తప్పు చప్పుడు చేయకుండా జరుగుతుంది, ఫిక్స్‌డ్‌లో గుణకం రాసేటప్పుడే సున్నా కళ్ళకి కనిపిస్తుంది. నేను ఫిక్స్‌డ్ వైపు మొగ్గడానికి ఉన్న కారణాల్లో ఇది ఒకటి. ఏ దారిలో వెళ్ళినా, తక్కిన ప్రోగ్రాము ఎంత వేగంగా తిరిగినా, ఇంటిగ్రల్‌ని మాత్రం సెకనుకొకసారే నడపండి.

పెద్ద చిప్ కొంటే?

బరంపురం వెళ్తే 32 బిట్ల బోర్డు కొనుక్కు రావచ్చు, ఆన్‌లైన్‌లోనూ దొరుకుతుంది. ఫ్లోట్‌కి సొంత హార్డ్‌వేర్ ఉన్నవీ ఉన్నాయి. వేల హెర్ట్జ్‌లో తిరిగే మోటారు, ఇన్వర్టర్ లాంటివాటికి ఆ ఖర్చు న్యాయమే. పొదిగే పెట్టెకి అది వేగం కొంటుంది తప్ప కచ్చితత్వం కొనదు. ఆ హార్డ్‌వేర్ చేసేదీ మామూలుగా అదే 24 బిట్ల ఫ్లోట్. సెన్సర్ చెప్పేది ఇంకా వీసాల్లోనే, హీటర్‌కి వెళ్ళేదీ ఇంకా శాతాల్లోనే.

హీటర్ దగ్గర పోయే చిల్లర

చాలామంది లెక్క లోపలే చూసి ఈ చివర వదిలేస్తారు. నేనూ వదిలేశాను.

హీటర్‌ని తిప్పేది సాలిడ్ స్టేట్ రిలే. మేం వాడే రకం కరెంటు సున్నా దాటేటప్పుడే తెరుచుకుంటుంది. 50 హెర్ట్జ్ కరెంటులో అర సైకిల్ 10 మిల్లీసెకన్లు, సెకనులో అలాంటివి వంద. కాబట్టి ఒక సెకను విండోలో ఇవ్వగలిగింది 53 అర సైకిళ్ళో, 54 అర సైకిళ్ళో, మధ్యలో ఏమీ లేదు. మా పెట్టెలో ఒక శాతం హీటరు, చాలాసేపు ఉంచితే, 0.4 డిగ్రీలకి సమానం. పెట్టెకి కావలసింది 53.75 అయితే, ఖాతా ఎంత సన్నగా లెక్కపెట్టినా రిలే 53కి దించేస్తుంది. అప్పుడు పెట్టె చల్లబడుతుంది, ఖాతా పెరిగి 54కి నెడుతుంది, పెట్టె వేడెక్కుతుంది, మళ్ళీ దిగుతుంది. ఇలా నిదానంగా, ఆగకుండా ఊగుతూ ఉంటుంది. ట్యూనింగ్ బాగాలేదేమో అని గుణకాలు మార్చుకుంటూ కూర్చుంటాం. ఎంత మార్చినా ఊగులాట పరిమాణం మారుతుంది గానీ పోదు.

దీనికి ఖర్చు లేని మందు ఉంది. ఈ సెకనులో ఇవ్వలేకపోయిన చిల్లరని దాచి వచ్చే సెకను లెక్కలో కలపండి. కొట్టువాడు "ముప్పావలా బాకీ, రేపు తీసుకో" అన్నట్టు.

```c
int32_t u = acc + (int32_t)524288 * e + rem;
if (u > 104857600L) u = 104857600L;
if (u < 0) u = 0;
uint8_t n = u >> 20;
rem = u - ((int32_t)n << 20);
```

524288 అన్నది డిగ్రీకి 8 శాతం, అదే స్కేలులో. `n` ఈ సెకనులో ఇవ్వవలసిన అర సైకిళ్ళు, `rem` దాచుకున్న చిల్లర. 53.75 కావాలంటే మొదటి సెకను 53 ఇచ్చి 0.75 దాచుకుంటుంది, తర్వాత మూడు సెకన్లు 54 చొప్పున ఇస్తుంది. నాలుగు సెకన్ల సగటు సరిగ్గా 53.75. పెట్టె వేడెక్కడానికి నిమిషాలు పడుతుంది కాబట్టి సెకన్లలో జరిగే ఈ సర్దుబాటు గుడ్లకి తెలియను కూడా తెలియదు. హద్దులు కట్టాకే చిల్లర తీస్తున్నాం, గమనించండి. హద్దుల ముందు తీస్తే వంద దాటిన బాకీ పేరుకుపోయి, పెట్టె వేడెక్కాక కూడా హీటరు ఆగదు. గుడ్లకి చలికన్నా ఎక్కువ వేడే ప్రమాదం. మామూలు క్లిక్కుమనే రిలే ఉన్నవాళ్ళు మాత్రం ఒక సెకను విండో పెట్టకండి, కాంటాక్టులు త్వరగా అరిగిపోతాయి. పది ఇరవై సెకన్లు పెట్టుకోండి, చిల్లర దాచే పద్ధతి అలాగే పనిచేస్తుంది.

డెరివేటివ్ భాగం పెడదామా అని అడిగేవాళ్ళకి ఒక్క లెక్క చెబుతాను. 60 సెకన్ల డెరివేటివ్ పెడితే, రీడింగ్ ఒక వీసం మారిన సెకనులో హీటర్‌కి 8 × 60 × 0.0625 = 30 శాతం దెబ్బ తగులుతుంది. పెట్టెలో ఏమీ జరగలేదు, సెన్సర్ అంకె ఒకటి మారిందంతే. వేడి పెట్టెకి అది లేకుండానే బాగుంటుంది.

ఏది మీ బోర్డులో ఉందో తెలుసుకోవడం

ఎవరి కోడ్‌నైనా, ఏ పద్ధతిలో రాసిందైనా, హీటరూ గుడ్లూ లేకుండా ఐదు నిమిషాల్లో పరీక్షించవచ్చు. సెన్సర్ రీడింగ్ బదులు తేడా ఒక వీసం తక్కువ అని వెయ్యిసార్లు ఇవ్వండి, తర్వాత ఒక వీసం ఎక్కువ అని వెయ్యిసార్లు ఇవ్వండి. ఖాతాని సీరియల్ పోర్టులో అచ్చు వేయండి. ఖాతా మొదట 50 శాతం దగ్గర ఉండాలి, లేకపోతే హద్దు తగిలి ఏమీ తెలియదు. 32 బిట్ల ఖాతా 655000 పెరిగి, అంటే 0.62 శాతం ఎక్కి, తిరిగి బయలుదేరిన చోటికే వచ్చింది. నా పాత క్యూ 8.8 మొదటి వెయ్యికి అంగుళం కదల్లేదు, రెండో వెయ్యికి 3.9 శాతం దిగిపోయింది. కాగితం మీద రెండు రోజులు వెతికిన తప్పు ఆ రెండు అంకెల్లో కనిపించింది. ఈ పరీక్ష చిప్ మీదే చేయండి, కంప్యూటర్ మీద కాదు, పైన చెప్పిన `int` గొయ్యి వల్ల. ఇంకోసారి 300 వీసాల తేడాతో కూడా చేయండి, తిరగబడే అంకెలుంటే అప్పుడు బయటపడతాయి.

నడుస్తున్న పెట్టెలో అయితే తేడానీ ఖాతానీ నిమిషానికొకసారి రాసుకోండి. తేడా ఒకే గుర్తుతో పది నిమిషాలుండి, హీటరు పూర్తిగా తెరుచుకోకుండా, ఖాతా మాత్రం కదలకపోతే అది చిల్లర పారేసే లెక్క.

ఇక నా సలహా. ఫ్లాష్ చాలినంత ఉండి, లూప్ సెకనుకొకసారి నడిచి, మీకు బిట్ల లెక్క చిరాకైతే ఫ్లోట్ వాడండి, పెట్టె 37.5 దగ్గరే ఉంటుంది. చిన్న చిప్ అయితే, లేదా లూప్ వేగం రేపు ఎవరు మారుస్తారో తెలియకపోతే 32 బిట్ల ఖాతా. వట్టి క్యూ 8.8ని నిదానపు ఇంటిగ్రల్‌కి వాడకండి. హీటర్ చిల్లర దాచడం మాత్రం ఏ దారిలోనైనా చేయండి.

ఇంత లెక్కా చేశాక గుర్తుంచుకోవలసిన సంగతి, ఆ సెన్సర్ వీసాల్లో చెబుతుంది గానీ దాని నిజాయితీకి తయారీదారు ఇచ్చే హామీ అరడిగ్రీ అటూ ఇటూ మాత్రమే. నకిలీలకి ఆ హామీ కూడా లేదు, బజారులో నకిలీలు బోలెడు. కరెంటు తగిలినప్పుడు కొలవకముందే చదివితే అది 85 డిగ్రీలు, అంటే 1360 అని చెబుతుంది. ఆ అంకె వచ్చిన సెకను లెక్క వదిలేయండి. సర్దుబాటుకి ఖరీదైన పరికరం అక్కర్లేదు. జ్వరం చూసే థర్మామీటర్ 35 నుంచి 42 వరకే కొలుస్తుంది, మనకి కావలసింది ఆ మధ్యనే. కొత్త కోడ్ ఎక్కించిన రాత్రి బావ అక్కయ్య దగ్గర థర్మామీటర్ తీసుకుని సెన్సర్ పక్కన పెట్టాడు. తెర మీద 37.5 నిలబడి ఉంటే అది 37.4 చూపించింది. "నీ లెక్క మంచిదేగానీ, నీ ముల్లు అబద్ధాలాడతంది" అన్నాడు. ఇప్పుడు కోడ్‌లో 600 బదులు 602 ఉంది.